పక్క గదిలో వైఫై పెట్టినా ఫోన్ హాల్లోదాన్నే పట్టుకుని వేలాడుతుంటే ఏం చేయాలి

పెద్ద ఇంటికి రెండో మూడో యాక్సెస్ పాయింట్లు పెట్టుకున్నవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "హాల్లో మాట్లాడుతూ వెనక గదిలోకి వెళ్తే కాల్ ముక్కలు ముక్కలవుతుంది. అక్కడ నెత్తి మీదే ఇంకో పాయింట్ ఉంది. వైఫై ఆపి మళ్లీ వేస్తే వెంటనే బాగవుతుంది. ఫోన్ తనంతట తాను ఎందుకు మారదు?"

ఒక్క విషయం తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఎప్పుడు మారాలో, దేనికి మారాలో తేల్చేది ఫోనే, యాక్సెస్ పాయింట్ కాదు. పాయింట్ మహా అయితే సలహా ఇవ్వగలదు, లేదా బయటికి నెట్టగలదు. ఫోన్ మాత్రం ఇప్పుడున్న సిగ్నల్ బాగా పడిపోయేదాకా వేరేదాని కోసం వెతకదు. మీ ఇంట్లో దూరపు పాయింట్ అంతగా పడిపోవడం లేదు, చిక్కంతా అక్కడే. అందుకే ఎక్కువసార్లు ఈ సమస్యకు మందు పవర్ పెంచడం కాదు, తగ్గించడం.

కావలసినవి

- సమస్య వచ్చే ఫోన్. వేరే ఫోన్‌తో చేసిన పరీక్ష పనికిరాదు, ఒక్కో ఫోన్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది.
- సిగ్నల్‌ని అంకెల్లో చూపే యాప్. ఆండ్రాయిడ్‌లో WiFiman లాంటిది చాలు. ఐఫోన్‌లో అయితే AirPort Utility వేసుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద Wi-Fi Scanner ఆన్ చేయాలి. ఫోన్ ఇప్పుడు దేనికి తగులుకుని ఉందో తెలియాలంటే Shortcuts యాప్‌లో Get Network Details అనే పని ఉంది, అందులో పాయింట్ గుర్తింపు చెప్పే BSSID, సిగ్నల్ బలం చెప్పే RSSI ఎంచుకోవచ్చు.
- రూటర్, పాయింట్ల అడ్మిన్ పాస్‌వర్డ్.
- కాగితం, పెన్ను. నవ్వకండి, అంకెలు రాసుకోకుండా మొదలుపెట్టినవాళ్లే మధ్యలో దారి తప్పుతారు.

ఆ అంకెల గురించి రెండు ముక్కలు. సిగ్నల్‌ని డీబీఎంలో కొలుస్తారు, ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. మైనస్ 45 అంటే పాయింట్ పక్కనే ఉన్నట్టు. కాల్ సాఫీగా సాగాలంటే మైనస్ 67 లేదా అంతకన్నా మెరుగ్గా ఉండాలన్నది వైఫై పనివాళ్లు పాటించే లెక్క. మైనస్ 80 దాటితే ఇక ఆశ పెట్టుకోనక్కర్లేదు. ఫోన్ పైన కనిపించే గీతలను మాత్రం ఈ పనికి నమ్మకండి. రెండు గీతలున్నచోట అసలు అంకె ఎంతో వాటిని చూసి చెప్పలేం.

1. ముందు ఇది నిజంగా ఆ జబ్బేనా అని తేల్చుకోండి

హాల్లో వైఫైకి కనెక్ట్ అయి, వీడియో కాల్ నడుస్తుండగా వెనక గదికి నడవండి. కాల్ పాడైన చోట ఆగి, అర నిమిషం నిలబడండి. తర్వాత వైఫై ఆపి, మళ్లీ వేయండి.

వెంటనే బాగైతే, ఫోన్ దూరపు పాయింట్‌ను వదలకపోవడమే మీ సమస్య. ముందుకు వెళ్లండి.

బాగవకపోతే ఇక్కడితో ఆగండి. అది వేరే జబ్బు. దగ్గరి పాయింట్‌కి తగులుకున్నాక కూడా నెమ్మదిగా ఉందంటే, ఆ పాయింట్‌కీ అసలు రూటర్‌కీ మధ్య లింకే బలహీనంగా ఉందన్నమాట. కేబుల్ లేకుండా గాల్లోనే కలుపుకునే మెష్ సెట్లలో ఇది మామూలే. ఆ లింకును బాగు చేయకుండా కింది సెట్టింగులు మార్చితే, ఫోన్‌ను మంచి పాయింట్ నుంచి చెడ్డదానికి తరిమినట్టవుతుంది.

2. రెండు రూటర్లు నడుస్తున్నాయేమో చూడండి

పాత రూటర్‌ని వెనక గదిలో పెట్టి యాక్సెస్ పాయింట్‌గా వాడేవాళ్లలో ఈ తప్పు ఎక్కువ. హాల్లో నిలబడి, ఫోన్‌లో ఆ వైఫై వివరాలు తెరిచి, ఐపీ అడ్రస్ రాసుకోండి. వెనక గదిలో వైఫై ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఇంకోసారి చూడండి. హాల్లో 192.168.1.23, వెనక గదిలో 192.168.0.105 ఉందనుకోండి, ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు నడుస్తున్నట్టే. అప్పుడు ఫోన్ సరిగ్గా మారినా కాల్ తెగుతుంది, ఎందుకంటే అడ్రసే మారిపోయింది.

రెండో రూటర్ సెట్టింగ్స్‌లో Access Point మోడ్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే దాని సొంత ఐపీని మొదటి రూటర్ వరుసలో వాడుకలో లేని అంకెకు మార్చి, పరికరాలకు ఐపీలు పంచే దాని డీహెచ్‌సీపీని ఆపేసి, కేబుల్‌ను వాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపేముందే ఐపీ మార్చుకోవడం మేలు. వరుస తప్పితే ఆ రూటర్ పేజీ మళ్లీ తెరుచుకోక టెన్షన్ పడతారు.

ఇదే ఊపులో ఇంకోటి చూసుకోండి. అన్ని పాయింట్లలో వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం మూడూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో WPA2, ఇంకోదాంట్లో WPA3 పెడితే, పేరు ఒకటే అయినా ఫోన్ వాటిని ఒకే నెట్‌వర్క్‌గా చూడకపోవచ్చు. పేరు చివర _EXT అని తగిలించుకున్న ఎక్స్‌టెండర్ అయితే చెప్పక్కర్లేదు. పేరే వేరు కాబట్టి, మొదటిది పూర్తిగా తెగేదాకా ఫోన్ దాని వైపు చూడదు.

3. నడుస్తూ అంకెలు రాసుకోండి

ఒక్కో పాయింట్‌కి, అందులోని ఒక్కో బ్యాండ్‌కి విడిగా ఒక BSSID ఉంటుంది, aa:bb:cc:11:22:33 లాంటిది. ఒక్కో పాయింట్ పక్కన నిలబడి, అన్నిటికన్నా బలంగా కనిపించే రెండిటినీ రాసుకోండి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్‌ది, ఇంకోటి 5 గిగాహెర్ట్జ్‌ది. వాటికి "హాలు 2.4", "వెనక 5" అని మీకు అర్థమయ్యే పేర్లు పెట్టుకోండి.

తర్వాత కాల్ ఆన్‌లోనే ఉంచి మెల్లగా నడవండి. హాలు, నడవ, వెనక గది, ఇలా మూడు నాలుగు చోట్ల ఇరవై సెకన్లు ఆగండి. ఆగినచోటల్లా రెండు రాయాలి. ఫోన్ ఇప్పుడు దేనికి తగులుకుని ఉంది, మిగతావి ఎంత బలంగా వినిపిస్తున్నాయి.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు, తెర ఆపి జేబులో పెట్టుకుని నడవడం. పనిలో లేని ఫోన్ బ్యాటరీ ఆదా కోసం అరుదుగానే వెతుకుతుంది. అలా నడిచి వచ్చి "మారలేదు" అంటే, అది ఫోన్ తప్పు కాదు. ఇంకో పొరపాటు, గబగబా నడవడం. ఫోన్‌కి వెతకడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆలోపు మీరు ఇంటి చివరికి చేరిపోతారు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న రూటర్ అయితే, పాయింట్‌కి మీ ఫోన్ ఎంత బలంగా వినిపిస్తోందో కూడా చూడొచ్చు. ముందు రూటర్ టెర్మినల్‌లో iw dev కొట్టి ఇంటర్‌ఫేస్ పేరు తెలుసుకుని, కింద wlan0 బదులు అది పెట్టండి.

```
iw dev wlan0 station dump
```

అందులో signal అన్న వరుస పాయింట్ చెవికి ఫోన్ ఎలా వినిపిస్తోందో చెబుతుంది. ఫోన్‌కి పాయింట్ మైనస్ 66తో వినిపిస్తూ, పాయింట్‌కి ఫోన్ మైనస్ 76తో వినిపించడం ఆశ్చర్యమేం కాదు. పాయింట్ గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. అందుకే సిగ్నల్ ఫర్వాలేదన్నట్టు కనిపిస్తూనే, మీ మాట మాత్రం అవతలివాళ్లకు విరిగి విరిగి వినిపిస్తుంది.

4. ఒక ఇంటి లెక్క చూద్దాం

హాల్లో ఒక పాయింట్, వెనక గదిలో ఒకటి, మధ్యలో రెండు గోడలు. రెండు పాయింట్లూ పూర్తి పవర్ మీద, 2.4 గిగాహెర్ట్జ్‌లో 20 డీబీఎం దగ్గర ఉన్నాయి. చేతిలో ఐఫోన్.

నడవ మధ్యలో రాసుకున్న అంకెలు ఇవి:

- హాలు 5: మైనస్ 71 (ఫోన్ ఉన్నది దీని మీదే)
- హాలు 2.4: మైనస్ 58
- వెనక 2.4: మైనస్ 65
- వెనక 5: మైనస్ 74

వెనక గదిలో:

- హాలు 2.4: మైనస్ 66 (ఇప్పుడు ఫోన్ దీని మీద ఉంది)
- హాలు 5: మైనస్ 81
- వెనక 5: మైనస్ 50
- వెనక 2.4: మైనస్ 46

యాపిల్ తన సాంకేతిక పత్రాల్లో ఐఫోన్ లెక్కను చెప్పింది. ఇప్పుడున్న సిగ్నల్ మైనస్ 70 దాటి పడిపోతేనే ఫోన్ వేరేదాని కోసం వెతుకుతుంది. డేటా నడుస్తుంటే కనీసం 8 డీబీ, ఖాళీగా ఉంటే 12 డీబీ మెరుగైనది దొరికితేనే మారుతుంది.

ఈ లెక్కతో నడవలో ఏం జరిగిందో చూడండి. హాలు 5 మైనస్ 71కి పడగానే ఫోన్ వెతికింది. దాని కళ్లకు అన్నిటికన్నా బాగా కనిపించింది హాలు 2.4, మైనస్ 58. అందులోకి దూకింది. అంటే ఫోన్ మారలేదన్న మాట తప్పు. మారింది, కానీ అదే పాయింట్‌లోని ఇంకో బ్యాండ్‌కి మారింది. తర్వాత వెనక గదికి వెళ్లినా హాలు 2.4 మైనస్ 66 దగ్గరే నిలిచింది. మైనస్ 70కి పడలేదు కాబట్టి మళ్లీ వెతకలేదు. పక్కనే మైనస్ 50తో ఉన్నది దాని దృష్టికే రాలేదు.

ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇలా అందరికీ ఒకే అంకె లేదు, తయారీదారుని బట్టి మారుతుంది. కానీ నడిచే తీరు ఇదే. ఇప్పుడున్నది సరిపోతుంటే కదలదు.

5. దూరపు పాయింట్ పవర్ తగ్గించండి

ఇక్కడ లెక్క చాలా సూటిగా ఉంటుంది. పాయింట్ పవర్ ఎన్ని డీబీ తగ్గిస్తే, ఇల్లంతా దాని సిగ్నల్ అన్ని డీబీలే తగ్గుతుంది. పై ఇంట్లో 2.4 పవర్‌ని రెండు పాయింట్లలోనూ 20 నుంచి 11కి దించితే, 9 తగ్గుతుంది. వెనక గదిలో హాలు 2.4 మైనస్ 66 నుంచి మైనస్ 75కి వస్తుంది.

నడవలో ఇప్పుడు పరిస్థితి ఇది. హాలు 5 మైనస్ 71. హాలు 2.4 మైనస్ 67, అంటే 4 డీబీయే మెరుగు, 8 చాలలేదు కాబట్టి దూకదు. వెనక 2.4 కూడా మైనస్ 74కి వెళ్లింది. ఇంకో నాలుగడుగులు వేసి వెనక గది గుమ్మం దాటగానే హాలు 5 మైనస్ 76, వెనక 5 మైనస్ 60. తేడా 16. అక్కడ మారుతుంది, మీరు కోరుకున్నచోటే.

ఎంత తగ్గించాలో మీ అంకెలే చెబుతాయి. వెనక గదిలో దూరపు పాయింట్ ఎంత వినిపిస్తోందో తీసుకుని, అది మైనస్ 75 దగ్గరికి రావడానికి ఎంత కావాలో అంత తగ్గించండి. 5 గిగాహెర్ట్జ్ పవర్‌ని ఇప్పుడే ముట్టుకోకండి. 5 కన్నా 2.4 ఓ ఆరేడు డీబీ తక్కువగా ఉంటే ఫోన్ సహజంగానే 5 వైపు మొగ్గుతుంది, అది మనకు లాభం.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఏ రేడియో 2.4 అన్నది ముందు చూసుకోండి. కొన్ని రూటర్లలో radio0, కొన్నిటిలో radio1. 2g అని ఉన్నదే మనకు కావలసింది.

```
uci show wireless | grep band
uci set wireless.radio0.txpower='11'
uci commit wireless
wifi reload
```

మామూలు రూటర్లలో డీబీఎం అంకె ఉండదు, Transmit Power అని High, Medium, Low మాత్రమే ఉంటాయి. Medium అంటే ఎంత తగ్గుతుందో ఊహించకండి. ఒకేచోట నిలబడి, మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి యాప్‌లో చూడండి. వచ్చిన తేడాయే జవాబు.

ఆ సెట్టింగ్ అసలే లేకపోతే, ముఖ్యంగా కొన్ని మెష్ సెట్లలో ఉండదు, మూడు దారులున్నాయి. హాలు పాయింట్‌ని వెనక గది నుంచి ఇంకా దూరం జరపండి, మధ్యలో ఇంకో గోడ పడేలా. లేదా హాలు పాయింట్‌లో 2.4 పూర్తిగా ఆపేయండి. లేదా 2.4కి వేరే పేరు పెట్టి, బల్బులు, కెమెరాల్లాంటి వాటిని దాని మీదకు మార్చి, ఫోన్లలో ఆ పేరును మర్చిపోయేలా చేయండి. మూడోది నాకు అంత నచ్చదు, ఇంట్లో ఎవరో ఒకరు ఆ పేరుకి మళ్లీ కనెక్ట్ అవుతారు. కానీ పనిచేస్తుంది.

ఒక హెచ్చరిక. 2.4 తగ్గించాక, ఇంటి మూలల్లో ఉన్న కెమెరా, గేటు దగ్గరి బెల్లు లాంటివి ఇంకా కనెక్ట్ అయి ఉన్నాయో లేదో ఆ రోజే చూసుకోండి. తెగిపోతే రెండేసి డీబీ చొప్పున పైకి పెంచుకుంటూ రండి.

6. పాయింట్ సలహా ఇచ్చే సెట్టింగులు

802.11k, 802.11v అని రెండు సెట్టింగులు ఉంటాయి. మొదటిది చుట్టుపక్కల ఏ పాయింట్లు ఉన్నాయో ఫోన్‌కి జాబితా ఇస్తుంది, వెతుకులాట త్వరగా అవుతుంది. రెండోది "అటు వెళ్తే మంచిది" అని చెబుతుంది. ఉంటే రెండూ ఆన్ చేయండి. ఫోన్ ఆ సలహా వినొచ్చు, వినకపోవచ్చు.

802.11r మాత్రం కాస్త ఆగి ఆలోచించండి. ఇది మారేటప్పుడు పట్టే సమయాన్ని తగ్గిస్తుంది, అంతే. ఫోన్ మారాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఇది మార్చదు. కాబట్టి మన జబ్బుకు ఇది మందు కాదు. పైగా పాత ప్రింటర్లు, బల్బులు దీన్ని ఆన్ చేస్తే కనెక్ట్ కాకుండా మొరాయించిన సందర్భాలున్నాయి. చాలామంది మొట్టమొదట నొక్కే స్విచ్ ఇదే, తర్వాత ప్రింటర్ ఎందుకు పోయిందా అని రెండు రోజులు వెతుక్కుంటారు.

ఛానెళ్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లు రాడార్లతో పంచుకోవాల్సినవి. అక్కడ ఫోన్ తానే పిలిచి చూడలేదు, పాయింట్ గొంతు వినబడేదాకా చెవి పెట్టి కూర్చోవాలి. వెతకడానికి ఎక్కువసేపు పడుతుంది. కుదిరితే పాయింట్లను 36, 44 లాంటి ఛానెళ్ల మీద, ఒక్కోదాన్ని ఒక్కోచోట పెట్టండి. 44 విడిగా నిలవాలంటే ఛానెల్ వెడల్పు 40కి మించకూడదు.

7. బయటికి నెట్టడం, ఆఖరి మందు

కొన్ని పాయింట్లలో Minimum RSSI, Roaming Assistant లాంటి పేర్లతో ఒక సెట్టింగ్ ఉంటుంది. ఫోన్ సిగ్నల్ ఇచ్చిన అంకె కన్నా పడిపోతే పాయింట్ దాన్ని తెంచేస్తుంది. పవర్ తగ్గించాక కూడా ఒకటి రెండు మొండి ఫోన్లు మిగిలితేనే దీన్ని వాడండి.

గమనించాల్సింది, ఇక్కడ అంకె పాయింట్‌కి ఫోన్ ఎలా వినిపిస్తోందో దాన్ని బట్టి ఉంటుంది. మీ యాప్‌లో కనిపించే అంకె కాదు. పాయింట్ వైపు అంకె చాలాసార్లు ఇంకా తక్కువగానే ఉంటుంది. యాప్‌లో మైనస్ 65 చూసి ఇక్కడ మైనస్ 65 పెడితే, ఫర్వాలేకుండా ఉన్న ఫోన్‌నే తన్ని తగలేసినట్టవుతుంది. మైనస్ 80తో మొదలుపెట్టి, అవసరమైతే మైనస్ 76 దాకా రండి.

బిగుతు ఎక్కువైందని గుర్తుపట్టడం తేలికే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రూటర్‌లో కింది వరుస కొట్టి కాసేపు చూడండి:

```
logread -f | grep AP-STA
```

ఒకే ఫోన్ పేరు మీద AP-STA-CONNECTED, AP-STA-DISCONNECTED కొన్ని సెకన్లకోసారి వస్తూనే ఉంటే, పాయింట్ నెడుతోంది, ఫోన్ మళ్లీ వచ్చి అక్కడే చేరుతోంది. అలాంటి ఫోన్ కొంతసేపటికి విసిగి మొబైల్ డేటాకు వెళ్లిపోతుంది. ఇంట్లో ఒక్క పాయింట్ మాత్రమే అందే మూల ఉంటే, అక్కడ ఈ సెట్టింగ్ వల్ల వైఫైయే లేకుండా పోతుంది. లాగ్‌లో కనిపించే అడ్రస్ మీ ఫోన్‌దేనా అన్నది, ఫోన్‌లో ఆ వైఫై వివరాల కింద ఉన్న అడ్రస్‌తో పోల్చుకోండి. ఇప్పటి ఫోన్లు వైఫైకొక కల్పిత అడ్రస్ వాడుతుంటాయి.

8. పని అయిందా లేదా

ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే కమాండ్ల యాప్ ఉంటే రూటర్‌కి వరసగా పింగ్ అనే చిన్న పలకరింపులు పంపుతూ, పరీక్ష చేసిన దారిలోనే మళ్లీ మెల్లగా నడవండి. అడ్రస్ మీ రూటర్‌ది పెట్టుకోండి.

```
ping -i 0.2 192.168.1.1
```

సెకనుకు ఐదు పింగులు వెళ్తాయి. icmp_seq అన్న అంకెలో ఎన్ని దాటిపోయాయో లెక్కపెట్టండి. మారే క్షణంలో ఒకటి నుంచి మూడు పోతే బాగున్నట్టే, కాల్‌లో తెలియదు. పది పోయాయంటే రెండు సెకన్లు ఖాళీ. అంతకన్నా ఎక్కువైతే రెండో అంచెకు తిరిగి వెళ్లి ఐపీ అడ్రస్ మారుతోందేమో చూడండి. మారక ముందు చాలాసేపు పింగులు వందల మిల్లీసెకన్లకు పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతే, ఫోన్ మారుతోంది గానీ ఆలస్యంగా మారుతోంది. ఇంకో రెండు మూడు డీబీ తగ్గించండి.

ఐఫోన్‌తో అయితే కాల్ ఆన్ చేసుకుని నడిచి, వెనక గదిలో ఇరవై సెకన్లు ఆగి, Get Network Detailsలో BSSID చూడండి. మీ కాగితం మీద "వెనక 5" అని రాసుకున్నదే కనిపించాలి.

తిరుగు ప్రయాణం కూడా పరీక్షించండి, ఇది చాలామంది మర్చిపోతారు. హాల్లోకి వచ్చాక వెనక పాయింట్‌ను వదలకపోతే, వెనక పాయింట్ పవరే ఇంకా ఎక్కువగా ఉంది. ఒక్కో మార్పుకి ఒక్కో నడక చొప్పున చేయండి. ఒకేసారి మూడు సెట్టింగులు మారిస్తే, పాడైనప్పుడు దేన్ని వెనక్కి తిప్పాలో తెలియదు.

తలుపులు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి నడవండి. బరువైన తలుపు కొన్ని డీబీలు మింగుతుంది, తలుపు తెరిచి కుదిర్చిన అంకెలు రాత్రి తలుపులేసుకున్నాక సరిపోకపోవచ్చు.